చింతచిగురు వచ్చింది, బొమ్మిడాయిలు ఎటు పోవాలి?

ఉగాదికి మామిడికాయ పప్పును బోర్డెక్కించాలనుకునే హోటల్‌లో, సంక్రాంతి హడావిడి సద్దుమణగగానే పని మొదలవుతుంది. బయటినుంచి చూసేవారికి మెనూ మార్చడమంటే నాలుగు కొత్త పేర్లు చేర్చి కార్డు మళ్లీ అచ్చు వేయించడమే. లోపలివాళ్ల అసలు తలనొప్పి కొత్త పేర్లతో కాదు, పాతవాటితో. పొయ్యిలు పెరగవు, ఫ్రిజ్ పెరగదు, కూరగాయలు తరిగే చేతులూ పెరగవు. మూడు వంటకాలు లోపలికి రావాలంటే మూడు బయటికి పోవాల్సిందే. పోయేదాన్ని ఇష్టపడి ఏళ్ల తరబడి వస్తున్న మనిషి మాత్రం అదే బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు.

లెక్క అర్థం కావడానికి భీమవరం లాంటి ఊళ్లో ఎనభై సీట్ల భోజన హోటల్ ఒకటి ఉందనుకుందాం. మధ్యాహ్నం మీల్స్, దానికి తోడు విడిగా తెప్పించుకునే 20 కూరలు, వేపుళ్లు, పులుసులు. ఈ విడి ప్లేట్లు నెలకు 6,000 అమ్ముడవుతాయి. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. ధరలు ఊరూరికీ, వారం వారానికీ మారతాయి. లెక్క నడిచే దారి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ముందుగా తేల్చుకోవలసింది ఏది ఆగాలన్నది. దీనికి హోటల్ రంగంలో నలభై ఏళ్లుగా వాడుతున్న పద్ధతి ఒకటుంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ కసవానా, డొనాల్డ్ స్మిత్ 1982లో దీన్ని పుస్తకంగా తెచ్చారు. ప్రతి వంటకాన్నీ రెండు ప్రశ్నలు అడగాలంటారు వాళ్లు. జనం దాన్ని ఎంతగా అడుగుతున్నారు? సరుకు ఖర్చు పోగా ప్లేటుకు ఎన్ని రూపాయలు మిగులుతున్నాయి? మొదటి ప్రశ్నకు వాళ్లు పెట్టిన గీత సులువైనది. 20 వంటకాలూ సమానంగా అమ్ముడైతే ఒక్కోటి 300 ప్లేట్లు పోవాలి. అందులో 70 శాతం, అంటే 210 ప్లేట్లు దాటితే ఆ వంటకానికి గిరాకీ ఉన్నట్టు. దాటకపోతే లేనట్టు. రెండో ప్రశ్నకు గీత మొత్తం మెనూ మీద ప్లేటుకు సగటున మిగిలే డబ్బు.

మన హోటల్‌లో బొమ్మిడాయిల పులుసు నెలకు 90 ప్లేట్లే పోతోంది. గిరాకీ గీతకు చాలా కింద ఉంది. ధర 220, సరుకు 110, కాబట్టి ప్లేటుకు 110 మిగులుతుంది. సగటున మిగిలేది 80 అనుకుంటే ఇది మంచి అంకే. తక్కువ అమ్మినా బాగానే మిగులుస్తోంది కదా, ఉండనిద్దాం అనిపిస్తుంది.

కానీ ఆ 110 కాగితం మీది అంకె. 90 ప్లేట్లు అమ్మడానికి వంటింట్లో వండింది 120 ప్లేట్లు. ఏ రోజు ఎవరు అడుగుతారో తెలియక రోజూ కొంచెం వండి పెడుతున్నారు. సరుకు ఖర్చు 13,200, అమ్మకం 19,800, మిగిలింది 6,600. ప్లేటుకు 73 రూపాయలు. పైగా ఈ చేపలకు బూడిదో ఉప్పో పట్టించి జిగురు పోయేదాకా రుద్దాలి. ఆ పనిలో ఒక మనిషికి పొద్దున గంట పోతుంది. బిల్లింగ్ మెషీన్‌కు అమ్మినవే తెలుసు, పారబోసినవి తెలియవు. అందుకే మెనూ మార్పుకు కూర్చునే ముందు కనీసం రెండు వారాలు, రాత్రి గిన్నెలు తోమే ముందు ఏ కూర ఎంత మిగిలిందో ఒక నోటు పుస్తకంలో రాయించాలి. చాలా హోటళ్లలో ఈ పుస్తకం ఉండదు. మెనూ మీద గొడవలన్నీ అది లేనందువల్లే ఆ మాస్టర్ మాటకూ ఈ యజమాని మాటకూ మధ్య తిరుగుతుంటాయి.

ఇక్కడితో ఆగితే పులుసును తీసేయాలి. అయితే పాత బిల్లులు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. బొమ్మిడాయిలు ఉన్న బిల్లుల్లో ఎక్కువ భాగం ఆదివారానివి. నలుగురైదుగురున్న కుటుంబాలవి, వెయ్యి దాటినవి. ఇంటిపెద్ద ఒక్కరే ఆ పులుసు కోసం వస్తారు. వెంట వచ్చినవాళ్లు బిర్యానీ, వేపుడు, రొయ్యలు తెప్పించుకుంటారు. పులుసు పోతే పోయేది 73 రూపాయలు కాదు, ఆ బల్ల మొత్తం. కసవానా, స్మిత్‌ల లెక్క వంటకాన్ని విడిగా చూస్తుంది గనుక ఈ సంబంధం అందులో కనిపించదు. ఆ పద్ధతికున్న పెద్ద లోపం ఇదే.

కాబట్టి పులుసు ఉండాలి, కానీ రోజూ కాదు. ఆదివారం మాత్రం చేస్తారు, శనివారం సాయంత్రానికి ఫోన్ చేసినవారికి పక్కన పెడతారు. నెలకు నాలుగు ఆదివారాలు, వారానికి 18 ప్లేట్ల చొప్పున 72 అమ్ముడవుతాయి. ముందే తెలుసు గనుక 76 వండితే చాలు. సరుకు 8,360, అమ్మకం 15,840, మిగిలేది 7,480. అమ్మకం తగ్గి, మిగులు పెరిగింది. వారంలో ఆరు రోజులు ఒక పొయ్యి, ఒక మనిషి ఖాళీ అయ్యారు. పులుసులు పూట నిలిస్తే ఇంకా రుచికొస్తాయి కాబట్టి శనివారం రాత్రే వండి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఆదివారం బాగా మరిగించి వడ్డించవచ్చు.

నిజంగా తీసేయాల్సినవి వేరే ఉన్నాయి. బేబీకార్న్ మసాలా నెలకు 60 ప్లేట్లు. అది అడిగే మనిషి దాని కోసం రాడు, అది లేకపోతే ఇంకోటి తెప్పించుకుంటాడు. అన్నిటికన్నా ముఖ్యం, బేబీకార్న్ ఆ హోటల్‌లో మరే కూరలోనూ పడదు. ఒక్క వంటకం కోసమే కొనే సరుకు ఫ్రిజ్‌లో మూల పట్టుకుని ఉంటుంది, వారానికోసారి చెత్తబుట్టకు పోతుంది. మూడోది చిక్కుడుకాయ. దాన్ని ఎవరూ తీయక్కర్లేదు, చలి పోగానే లేత కాయ రావడం మానేస్తుంది. ‘కాయ ముదిరిపోతోందండీ’ అంటే ఏ ఇల్లాలూ మారు మాట్లాడదు.

ఖాళీ అయిన మూడు చోట్లలోకి ఏం రావాలి? అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న మార్పు మీల్స్‌లోని పప్పు. టమాటా పప్పు స్థానంలో మామిడికాయ పప్పు వస్తే రోజూ తినేవారు పండగలా తీసుకుంటారు, ఎందుకంటే ఆ రోజుల్లో వాళ్ల ఇంట్లోనూ అదే మారుతుంది. వడ్డన వరస మారదు, ధర మారదు. కాయ విరివిగా వచ్చే రోజుల్లో సరుకు ఖర్చు కూడా పెద్దగా పెరగదు.

ఇక్కడ దొంగదెబ్బ ఒకటుంది. మీల్స్‌లో పప్పుకు పరిమితి లేదు. అందుచేత దాని ఖర్చు గరిటె లెక్కన తేలదు. వండినది తూచి, చివర మిగిలినది తూచి, తిన్న మనుషులతో భాగించాలి. టమాటా పప్పు 24 కిలోలు వండితే 3 కిలోలు మిగిలింది, భోజనాలు 150. తలకు 140 గ్రాములు. మామిడికాయ పప్పు అదే 24 కిలోలు వండితే గిన్నె ఖాళీ అయిందనుకుందాం. తలకు 160 గ్రాములు తిన్నట్టు. పప్పు ఎక్కువ కలుపుకున్నవాళ్లు అన్నమూ ఎక్కువే పెట్టించుకుంటారు. నెయ్యి కూడా రెండోసారి అడుగుతారు. కిలో కాయ ధర చూసి ఖర్చు మారలేదనుకున్నవాళ్లకు నెలాఖరున బియ్యం బస్తాల దగ్గర తేడా కనిపిస్తుంది. పప్పును ఓ వారం కొలిచి చూడకుండా మీల్స్ ధర మీద నిర్ణయం తీసుకోకూడదు.

రెండోది, ఈ కథలో అసలు పాత్ర, చింతచిగురు రొయ్యలు. గోదావరి జిల్లాల ఇళ్లలో వేసవిలో వండుకునేదే. దాన్ని హోటల్ వంటకంగా నిలబెట్టడం వేరే సంగతి. మొదటి చిక్కు, ఫిబ్రవరిలో పరీక్షించాలంటే లేత చిగురు ఉండదు. కిందటేడు ఎండబెట్టి దాచిన చిగురుతో వండి చూడవచ్చు, కానీ దాని పులుపు వేరు, రంగు వేరు. అంచేత ఎండు చిగురుతో చేసే పరీక్షలో మసాలా, నూనె, ఉల్లిపాయ పాళ్లు, వంట సమయం మాత్రమే తేల్చుకోవాలి. చిగురు ఎంత వేయాలన్నది తొలి లేత చిగురు సంతకు వచ్చాకే ఖాయం చేయాలి. ఆ తర్వాత కూడా పులుపు వారం వారం మారుతుంది కాబట్టి కొలత కార్డు మీద ప్లేటుకు 25 నుంచి 35 గ్రాములని రాసి, ఆ రోజు చిగురు నోట్లో వేసుకుని చూసి నిర్ణయించమని మాస్టర్‌కు వదిలేయాలి.

పరీక్ష ఒక ప్లేటుతో చేస్తే ఏమీ తెలియదు. ఇద్దరికి వండిన కూరలో బాగున్న నీళ్లు, కారం పదింతలు చేస్తే కుదరవు. పెద్ద గిన్నెలో నీరు ఆ లెక్కన ఇంకదు, కూర పలచబడిపోతుంది. కనీసం పది ప్లేట్లు వండాలి, పెద్ద మాస్టర్ ఒకసారి, రెండో మాస్టర్ కార్డు చూసి ఇంకోసారి. రెండూ ఒకేలా రాకపోతే తప్పు రెండో మాస్టర్‌ది కాదు, కార్డుది. ‘తగినంత’ అనే మాట కార్డులో ఎన్నిచోట్ల ఉందో వెతికి, దాని బదులు గ్రాములు రాయాలి.

తర్వాతి పరీక్షను గడియారం చేస్తుంది. పొద్దున 11 గంటలకు వండిన కూర మధ్యాహ్నం రెండున్నరకు ఎలా ఉంది? వేడిగా వడ్డించే ఆహారాన్ని 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలన్నది ఆహార భద్రతా ప్రమాణం. ఆ వేడిలో మూడు గంటలున్న రొయ్య రబ్బరవుతుంది. చిగురు నల్లబడుతుంది. వేడి తగ్గిస్తే ఆరోగ్యానికి ముప్పు, ఉంచితే రుచికి ముప్పు. దారి ఒక్కటే. ఉల్లిపాయ మసాలాను ముందే వండి వేడిగా ఉంచుతారు. శుభ్రం చేసి ఉప్పు, పసుపు పట్టించిన రొయ్యల్ని ప్లేటు లెక్కన విడదీసి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెడతారు. ఆర్డర్ వచ్చాక రొయ్యల్ని మూడు నాలుగు నిమిషాలు వేయించి, మసాలా కలిపి, నలిపిన చిగురు చివర్లో వేస్తారు. ఆర్డర్ నుంచి బల్ల దాకా ఏడెనిమిది నిమిషాలు. దీనికి ఒక పొయ్యి పూర్తిగా కేటాయించాలి. ఆదివారం ఒంటిగంటకు ఆ పొయ్యి దొరకదు కాబట్టి, ఆ రోజు 25 ప్లేట్లకు మించి తీసుకోకూడదని ముందే గీత గీసుకోవడం మంచిది. మూత పెట్టిన పార్సిల్ డబ్బాలో అరగంట ఉంచి తిని చూడడం కూడా మరిచిపోకూడదు. రొయ్య లోపలి వేడికే ఇంకా ఉడుకుతుంది, అందుకని పార్సిల్‌కు ఒక నిమిషం ముందే దించాలి.

ఇప్పుడు ధర. పది ప్లేట్లకు ప్లేటుకు 100 గ్రాముల చొప్పున శుభ్రం చేసిన రొయ్య కిలో కావాలి. తల, పొట్టు పోతే బరువు దాదాపు సగానికి పడిపోతుంది, అంటే కొనాల్సింది రెండు కిలోలు. కిలో 320 అయితే 640 రూపాయలు. చాలామంది ఇక్కడే తప్పుతారు, కిలో 320 చూసి ప్లేటుకు 32 అనుకుంటారు. ఈనెలు, పుల్లలు పోగా 300 గ్రాముల చిగురు రావాలంటే 400 గ్రాములు కొనాలి. కిలో 500 లెక్కన 200. ఉల్లిపాయ, నూనె, అల్లం వెల్లుల్లి, మిర్చి, మసాలా, కొత్తిమీర కలిపి వంద. మొత్తం 940. మాడినవి, ఒలికినవి, రుచి చూసినవి కలిపి ఆరు శాతం వేస్తే దగ్గరదగ్గర వెయ్యి. ప్లేటుకు 100 రూపాయలు.

ధర 260 పెడితే సరుకు ఖర్చు 38 శాతం. 30, 35 శాతం దాటకూడదన్న సూత్రం నేర్చుకున్న మేనేజర్ ఇక్కడ తల అడ్డంగా ఊపుతాడు. అతనికి నచ్చేది బంగాళదుంప వేపుడు. ధర 80, సరుకు 20, పాతిక శాతమే. కానీ వేపుడు అమ్మితే చేతికి మిగిలేది 60, రొయ్యలు అమ్మితే 160. కరెంటు బిల్లూ జీతాలూ కట్టేది రూపాయలతో, శాతాలతో కాదు. శాతం పనికొచ్చేది వంటింట్లో సరుకు జారిపోతోందా అని చూసుకోవడానికి. ఏ వంటకం ఉంచాలో తేల్చడానికి రూపాయల అంకె చూడాలి.

ఇంకో రెండు చిల్లులు చూసుకోవాలి. మామూలు హోటళ్లు భోజనం మీద 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి, కానీ కొన్న సరుకు మీద కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకునే వీల్లేదు. నూనె డబ్బా, మసాలా ప్యాకెట్ల మీది పన్ను కూడా ఖర్చులోనే రాసుకోవాలి. రెండోది డెలివరీ యాప్. కమిషన్ పాతిక శాతం అయితే 65, డబ్బా పది. 160లో మిగిలేది 85. ఈ వంటకాన్ని యాప్‌లో పెట్టకపోవడమే మేలు, లేదా అక్కడ వేరే ధర ఉండాలి.

రొయ్య ధర స్థిరంగా ఉండదు గనుక, సరుకు ఖర్చు ప్లేటుకు 120 దాటితే ఆ వారం వంటకాన్ని ఆపుతామని ముందే కాగితం మీద రాసుకోవాలి. ధర పెరిగినప్పుడు హోటళ్లు చేసే అలవాటు పని రొయ్యలు తగ్గించడం. ప్లేటులో రొయ్యలెన్నో లెక్కపెట్టుకునే మనుషులు గోదావరి జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వాళ్ల ముందు ఈ ఎత్తు పారదు.

మళ్లీ పోయేవాటి దగ్గరికి వద్దాం. రుచి పరీక్షలు ఎన్ని చేసినా ఒక ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో కోకాకోలా 1985లో చూపించింది. దాదాపు రెండు లక్షల మందితో రుచి చూపించి, ఏప్రిల్ 23న పాత పానీయం స్థానంలో కొత్త రుచి తెచ్చింది. ఫోన్లు, ఉత్తరాలు వెల్లువెత్తాయి. 79 రోజుల తర్వాత, జులై 11న, పాత రుచిని ‘క్లాసిక్’ పేరుతో తిరిగి తేవాల్సి వచ్చింది. రుచి చూసినవాళ్లను రెండిట్లో ఏది బాగుందని అడిగారే గానీ, పాతది ఇక దొరకకపోతే ఎలా ఉంటుందన్నది సరిగ్గా తేల్చుకోలేదు. పదిమంది రోజువారీ మనుషులకు చింతచిగురు రొయ్యలు రుచి చూపించి ‘బాగుందా’ అని అడిగే హోటల్ కూడా అదే పని చేస్తున్నట్టు. అడగాల్సింది, ‘దీనికోసం ఏది మానేసినా మీకు ఫర్వాలేదు’ అని.

ఇదే సమయంలో, దొరకకపోవడం అన్నిసార్లూ కోపం తెప్పించదు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్ నెలలో దాని కోసం భట్టీల దగ్గర బారులు తీరతారు, నెల దాటాక అది పోతే ఎవరూ ఫిర్యాదు చేయరు. వరద గోదావరిలో దొరికే పులస కూడా అంతే. రాకపోకలకు కారణం అందరికీ తెలుసు, సమయం తెలుసు, అందుకే అవి పోతే ఎదురుచూస్తారు. చెప్పాపెట్టకుండా మాయమైతేనే మనుషులు కష్టపెట్టుకుంటారు.

అందువల్ల బొమ్మిడాయిల మార్పును మూడు వారాల ముందునుంచే నోటిమాటగా చెప్పాలి. బోర్డు మీద రాస్తే సరిపోదు. ఆ పులుసు అడిగే పాతికమంది ఎవరో వడ్డించేవాళ్లకు తెలుసు. ఒక పెద్దాయన కూర్చోగానే, ‘బాబాయ్‌గారూ, వచ్చే నెల్నించి బొమ్మిడాయిలు ఆదివారమేనండి, శనివారం ఒక్క ఫోన్ కొట్టండి, మీకోసం పక్కన పెట్టిస్తాను’ అంటే ఆయనకు దక్కాల్సిన మర్యాద దక్కింది. ఆయన విసుక్కోవచ్చు. ‘మంగళవారం తినాలనిపిస్తే ఏం చెయ్యాలోయ్?’ అనవచ్చు. అప్పుడు కొత్త రొయ్యల కూర ఒక గరిటె ఉచితంగా వేసి రుచి చూడమనాలి. అది పదిరూపాయల ఖర్చు. వడ్డించేవాళ్లు ఆ కూరను ముందే తిని ఉండాలి, లేకపోతే ‘ఎలా ఉంటుందయ్యా’ అన్న ప్రశ్నకు ‘బాగుంటుందండి’ తప్ప మరో మాట రాదు.

కార్డులో ఉండి వంటింట్లో లేనిది పరమ చికాకు. ఆర్డర్ చెప్పినవి మూడింటికి మూడుసార్లు ‘లేదండి’ వినిపిస్తే మనిషి పక్క హోటల్‌కు దారి చూసుకుంటాడు. ఈ సీజన్ వంటకాలను అచ్చు కార్డులో చేర్చకుండా విడిగా ఒక చీటీ మీద, మొదలూ చివరా తేదీలతో పెడితే ఈ బెడద ఉండదు. బేబీకార్న్ లాంటిదాన్ని తీశాక కూడా కొలత కార్డును దాచాలి. మొదటి నెల రోజుల్లో ఎవరైనా అడిగితే ఎవరు అడిగారో, ఎన్నిసార్లు అడిగారో కౌంటర్ దగ్గర రాసుకోవాలి. ఒకే మనిషి నాలుగుసార్లు అడగడం వేరు, నలుగురు మనుషులు అడగడం వేరు.

ఉగాది దాటిన మూడో వారంలో లెక్క చూసుకునే సమయం. అప్పటికి కొత్తదన్న మోజు తగ్గి నిజమైన గిరాకీ కనిపిస్తుంది. రొయ్యల కూర రోజుకు 22 ప్లేట్లు పోతోందనుకుందాం. 22ను 160తో గుణిస్తే 3,520 అని యజమాని సంబరపడతాడు. కానీ అదే రోజుల్లో చేపల వేపుడు 30 నుంచి 16కు పడిపోయింది, దాని మీద ప్లేటుకు 150 మిగిలేది. అంటే 14 మంది వేపుడు మాని రొయ్యలకు మారారు. వాళ్ల వల్ల వచ్చిన లాభం తలకు పది రూపాయలే. నిజంగా కొత్తగా వచ్చిన ప్లేట్లు ఎనిమిది. 1,280కి 140 కలిపితే రోజుకు 1,420 రూపాయలు. మంచి అంకే, కానీ సంబరపడిన అంకెలో సగం కూడా కాదు. ఒక పొయ్యి, ఒక మనిషి పూట పనికి ఇది చాలునా అన్నది ఆ హోటల్ తేల్చుకోవాలి. చేపల వేపుడు కోసం కొనే చేప తగ్గించకపోతే ఈ 1,420 కూడా మిగలదు, మిగిలిన చేపతో పాటే పోతుంది.

జూన్‌లో చిగురు ముదిరి పీచు తగలడం మొదలవుతుంది. వడ్డించిన ప్లేట్లలో రొయ్యలు అయిపోయి ఆకు మిగిలిపోతోందంటే ఆ కూరను దించాల్సిన వారం వచ్చిందన్నమాట. ఆ చోటులోకి రావాల్సిన వానాకాలం వంటకాన్ని మే నెలలోనే పదేసి ప్లేట్లు వండి చూసి ఉండాలి.